సికిల్ సెల్ ప్రశ్నకు పది మార్కుల జవాబు: డీఎన్‌ఏలో ఒక్క అక్షరం నుంచి హిమోగ్లోబిన్ పోగుల దాకా

సికిల్ సెల్ మ్యుటేషన్ గురించి రాయమంటే చాలామంది రెండు వాక్యాల్లో ముగిస్తారు. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లం బదులు వాలీన్ వచ్చింది, దాంతో ఎర్రరక్తకణం కొడవలిలా వంగింది. రెండూ నిజమే. కాకపోతే మార్కులు ఉండేది ఆ రెండు వాక్యాల మధ్య. 574 అమైనో ఆమ్లాలున్న అణువులో రెండంటే రెండు మారితే కణం ఆకారమే ఎందుకు మారాలి? మారేదే అయితే ఊపిరితిత్తుల్లో ఎందుకు మారదు? అదే జన్యువు ఒక కాపీ మోస్తున్న తల్లిదండ్రులు ఎలా బాగున్నారు? మీ జవాబు చదివాక ఈ మూడూ ఎవరూ మళ్లీ అడగాల్సిన అవసరం రాకూడదు.

విశాఖలో బయోకెమిస్ట్రీ చదివేవాళ్లకు ఇది పుస్తకంలో మాత్రమే కనిపించే జబ్బు కాదు. పాడేరు, అరకు వైపు ఏజెన్సీ నుంచి సికిల్ సెల్ ఉన్న పిల్లలు ఇక్కడి ఆసుపత్రులకు వస్తూనే ఉంటారు. 2022 దాకా ఆ మన్యమంతా విశాఖ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. కాబట్టి ప్రాక్టీసు కోసం ప్రశ్నను అక్కడి నుంచే కల్పించి తీసుకుందాం.

ప్రశ్న: పాడేరు దగ్గరి ఊరి నుంచి 7 ఏళ్ల పాపను కాళ్లూ చేతుల్లో తీవ్రమైన నొప్పులతో, రక్తహీనతతో విశాఖ ఆసుపత్రికి తీసుకొచ్చారు. జ్వరం వచ్చి రెండు రోజులు నీళ్లు సరిగా తాగకపోవడంతో నొప్పులు మొదలయ్యాయి. పుట్టిన తొలి నెలల్లో పాపకు ఏ ఇబ్బందీ లేదు. తల్లిదండ్రులిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. పరీక్షలో పాపకు హిమోగ్లోబిన్ ఎస్ 80 శాతం, హిమోగ్లోబిన్ ఎఫ్ 17 శాతం ఉన్నాయి, హిమోగ్లోబిన్ ఎ లేదు. తల్లిదండ్రుల్లో ఎస్ సుమారు 40 శాతం, మిగతాది దాదాపు అంతా ఎ. డీఎన్‌ఏలో మార్పు నుంచి హిమోగ్లోబిన్ పాలిమరైజేషన్ వరకు వివరించండి. పై విషయాలను ఆ వివరణతో ముడిపెట్టండి. (10 మార్కులు)

పెన్ను పెట్టే ముందు కేసులోంచి నాలుగు మాటలు మార్జిన్‌లో రాసుకోండి: జ్వరం–నీళ్లు, తొలి నెలలు, తల్లిదండ్రులు, ఎఫ్ 17. జవాబు నడుస్తుండగా వీటిలో ఏది ఎక్కడ ఇమిడితే అక్కడ టిక్ కొట్టుకుంటూ పోతారు. చివర్లో వేరే పేరా పెట్టి నాలుగూ ఒకేసారి చెప్పడం కంటే ఇదే బాగుంటుంది, టైమూ కలిసొస్తుంది.

మొదటి మెట్టు: డీఎన్‌ఏ

ఇక్కడ తక్కువ రాయాలి, తప్పు లేకుండా రాయాలి. బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోమ్ పొట్టి భుజం మీద ఉంటుంది. దాని ఆరో కోడాన్‌లో మధ్య అక్షరం మారింది. ఈ ముక్కను బొమ్మలా వేస్తే అర పేజీ మాటలు ఆదా అవుతాయి:

```
                  మామూలు            సికిల్
కోడింగ్ పోగు   5' CCT GAG GAG 3'   5' CCT GTG GAG 3'
మూస పోగు      3' GGA CTC CTC 5'   3' GGA CAC CTC 5'
ఎంఆర్‌ఎన్‌ఏ     5' CCU GAG GAG 3'   5' CCU GUG GAG 3'
అమైనో ఆమ్లం      Pro Glu Glu        Pro Val Glu
```

ఎక్కువమంది జారేది ఈ నాలుగు వరుసల మధ్యే. డీఎన్‌ఏలో GAG మారి GUG అయింది అని రాసేస్తారు. డీఎన్‌ఏలో U ఉండదు. ఇంకొందరు కోడింగ్ పోగు గురించి మొదలుపెట్టి మూస పోగు అక్షరాలు రాస్తారు. ఏ పోగు గురించి మాట్లాడుతున్నారో పేరు పెట్టి చెప్పండి. కోడింగ్ పోగులో A స్థానంలో T వచ్చింది, మూస పోగులో T స్థానంలో A వచ్చింది. రెండూ ఒకే మార్పుకు రెండు వైపులు.

ప్యూరిన్ పోయి పిరిమిడిన్ వచ్చింది కాబట్టి దీన్ని ట్రాన్స్‌వర్షన్ అంటారు. ఒక అక్షరం పోలేదు, చేరలేదు, మారింది అంతే. అందువల్ల ఆ తర్వాతి కోడాన్‌లు కదలకుండా ఎక్కడివక్కడే ఉన్నాయి, గొలుసు పొడవు 146 అమైనో ఆమ్లాలుగానే ఉంది. ఫ్రేమ్‌షిఫ్ట్ అనే మాట జవాబులో ఎక్కడా రానివ్వకండి.

ఆరా, ఏడా అనే గొడవ ఒకటుంది. కొత్త పుస్తకాల్లోనూ జన్యు పరీక్షల రిపోర్టుల్లోనూ ఇదే మార్పు ఏడో స్థానంలో ఉన్నట్టు కనిపిస్తుంది. ATG నుంచి లెక్కపెడితే ఏడు వస్తుంది. ఆ ATG ఇచ్చే మిథియోనిన్‌ను గొలుసు తయారయ్యేటప్పుడే తీసేస్తారు కాబట్టి తయారైన ప్రొటీన్‌లో అది ఆరు. పరీక్షలో ఆరు అని రాసి, ‘తొలి మిథియోనిన్‌ను వదిలి లెక్కపెడితే’ అని చేర్చండి. ఎవరూ మార్కు కోయలేరు.

రెండో మెట్టు: ఆ ఒక్క అక్షరం ఎందుకంత పని చేసింది

కోడాన్‌లో అక్షరం మారిన ప్రతిసారీ జబ్బు రాదు. ఇదే GAG కోడాన్‌లో మూడో అక్షరం మారి GAA అయితే వచ్చేది మళ్లీ గ్లుటామిక్ ఆమ్లమే, ఎవరికీ తెలియను కూడా తెలియదు. మొదటి అక్షరం మారి AAG అయితే లైసీన్ వస్తుంది, దాన్ని హిమోగ్లోబిన్ సి అంటారు. మధ్య అక్షరం మారి GTG అయితే వాలీన్, అదే హిమోగ్లోబిన్ ఎస్. ఈ మూడింటినీ ఒక వాక్యంలో పక్కపక్కన పెట్టండి. హిమోగ్లోబిన్ సి ఇప్పుడు అనవసరంగా కనిపించినా తర్వాతి మెట్టులో అదే మీకు పనికొస్తుంది.

గ్లుటామిక్ ఆమ్లం పక్క గొలుసు మీద శరీర పీహెచ్ దగ్గర ఒక రుణావేశం ఉంటుంది. అది నీళ్లను ఇష్టపడుతుంది. వాలీన్‌కు ఆవేశం లేదు, అది నీళ్లకు దూరంగా ఉండాలని చూసే జలవిరోధి. ఆరో స్థానం అణువు లోపల ఎక్కడో దాగిలేదు, పైన, నీళ్లు తగిలేచోట ఉంది. అందుకే అణువు మడత పాడవలేదు, ఆక్సిజన్ పట్టుకునే హీమ్ పాడవలేదు. పాడైందల్లా ఉపరితలం. ఈ మాట రాయకపోతే చదివేవాళ్లు ‘ఎస్ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ మోయలేదు’ అని మీరు అనుకుంటున్నారని అనుకునే ప్రమాదం ఉంది. అది మోస్తుంది. చిక్కంతా మోసుకెళ్లిన ఆక్సిజన్‌ను వదిలాక.

ఈ ఆవేశం లెక్క నిజమేనని చూపించే సాక్ష్యం ఒకటి ఇక్కడే పెట్టేయండి. ఒక అణువులో రెండు బీటా గొలుసులు కాబట్టి ఎస్ అణువు రెండు రుణావేశాలు కోల్పోయింది. క్షార పీహెచ్ దగ్గర ఎలక్ట్రోఫోరెసిస్ చేస్తే ఎ ధన ధ్రువం వైపు ముందుకు పోతుంది, ఎస్ వెనకబడుతుంది. 1949లో పౌలింగ్ బృందం చూసింది ఈ తేడానే. ఒక జబ్బుకు మూలం ఒక అణువులో ఉందని చెప్పిన తొలి పని అది. తేడా ఆవేశంలో ఉందని వాళ్లు చెప్పారు, ఏ అమైనో ఆమ్లంలో ఉందో 1957 నాటికి ఇంగ్రామ్ తేల్చాడు. ట్రిప్సిన్‌తో హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేసి, రెండు రకాల ముక్కలనూ పోల్చి, తేడా ఒక్క ముక్కలో ఒక్క అమైనో ఆమ్లంలోనే ఉందని చూపించాడు. రెండు వాక్యాలు చాలు, చరిత్రకు ఇంతకంటే చోటివ్వకండి.

మూడో మెట్టు: అతుక్కోవడం

జవాబులో అసలు బరువంతా ఇక్కడ ఉండాలి. సాధారణంగా ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది: ‘సార్, రుణావేశాలు పోయాయి కాబట్టి అణువులు ఒకదాన్నొకటి నెట్టుకోవు, అందుకే అతుక్కుంటాయి అని రాస్తే సరిపోదా?’

సరిపోదు. ఎందుకో హిమోగ్లోబిన్ సి చెబుతుంది. అక్కడ గ్లుటామిక్ ఆమ్లం పోయి లైసీన్ వచ్చింది, అంటే రుణావేశం పోవడమే కాదు, దాని చోట ధనావేశం వచ్చి కూర్చుంది. ఆవేశంలో మార్పు ఎస్ కంటే రెట్టింపు. ఆవేశమే కారణమైతే సి ఉన్నవాళ్లకు కణాలు ఇంకా ఎక్కువగా వంగాలి. అలా జరగదు. సి స్ఫటికాలు కట్టే స్వభావం ఉన్నదే గానీ ఎస్ లాగా పొడవాటి పోగులు అల్లదు, రెండు కాపీలూ సి అయినా జబ్బు తేలికగానే ఉంటుంది. కాబట్టి అసలు కారణం పోయిన ఆవేశం కాదు, దాని చోట వచ్చిన వాలీన్ జలవిరోధి స్వభావం, దాని ఆకారం. ఈ వాదన జవాబులో ఉంటే మీ పేపరు మిగతావాటి నుంచి విడిగా కనిపిస్తుంది.

వాలీన్ వెళ్లి ఎక్కడ కూర్చుంటుంది? పక్క అణువు బీటా గొలుసు మీద ఒక చిన్న గుంట ఉంటుంది. 85వ స్థానంలోని ఫినైల్ అలనిన్, 88వ స్థానంలోని ల్యూసిన్ ఆ గుంట అంచులు. ఇవి కూడా జలవిరోధులే. వాలీన్ ఆ గుంటలో సరిగ్గా ఇముడుతుంది, రెండూ నీళ్లకు చాటవుతాయి. జాకెట్టుకు కుట్టే టిచ్ బటన్‌లో మగ ముక్క వాలీన్, ఆడ ముక్క ఆ గుంట. గమనించండి, ఈ గుంట మ్యుటేషన్ వల్ల వచ్చింది కాదు. మామూలు హిమోగ్లోబిన్ ఎ మీదా ఉంది. అందులో దిగే ముక్క లేక అది ఖాళీగా ఉండేది. ఈ సంగతి తర్వాత తల్లిదండ్రుల దగ్గర అవసరమవుతుంది.

ఇప్పుడు ఆక్సిజన్ సంగతి. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ పట్టుకున్నప్పుడు ఒక ఆకారంలో ఉంటుంది, వదిలినప్పుడు ఇంకో ఆకారంలోకి మారుతుంది. మొదటిదాన్ని ఆర్ స్థితి, రెండోదాన్ని టీ స్థితి అంటారు. వాలీన్ రెండు స్థితుల్లోనూ పైనే ఉంటుంది. అయితే పక్క అణువు గుంటలో అది సరిగ్గా కూర్చునేలా అమరిక కుదిరేది టీ స్థితిలోనే. ఆర్ స్థితిలో అణువు ఆకారం మారి ఆ జత కుదరదు. కాబట్టి ఊపిరితిత్తుల్లో, ధమనుల్లో ఎస్ హిమోగ్లోబిన్ విడి అణువులుగా కరిగే ఉంటుంది. కండరంలో, ఎముకలో సన్నటి కేశనాళికల్లో ఆక్సిజన్ దింపేశాక అతుక్కోవడానికి సిద్ధమవుతుంది.

కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేయకుండా చూసుకోండి. ‘ఆక్సిజన్ తక్కువ కావడం వల్ల మ్యుటేషన్ వస్తుంది’ అనే అర్థం వచ్చే వాక్యాలు పేపర్లలో కనబడుతూనే ఉంటాయి. మ్యుటేషన్ పుట్టుకతోనే ఉంది. ఆక్సిజన్ తగ్గడం అతుక్కోవడానికి తలుపు తెరుస్తుంది, అంతే.

ఈ మెట్టును పేపర్లో ఇలా పెట్టవచ్చు:

> ఆక్సిజన్ వదిలిన ఎస్ హిమోగ్లోబిన్‌లో ఒక అణువు బీటా 6 వాలీన్, పక్క అణువు బీటా గొలుసు మీద ఫినైల్ అలనిన్ 85, ల్యూసిన్ 88ల మధ్య ఉన్న జలవిరోధి గుంటలో ఇముడుతుంది. ఇలా వరుసగా అణువులు చేరి జంట పోగులు, ఏడు జంటలు కలిసి 14 పోగుల తాడు ఏర్పడతాయి. తాడు మందం సుమారు 21 నానోమీటర్లు. ఆక్సిజన్ పట్టుకున్న స్థితిలో ఈ జత కుదరదు.

బొమ్మ కూడా ఇక్కడే వేయాలి. రెండు గుండ్రాలు, ఒకదాని మీద చిన్న ముందుకు పొడుచుకొచ్చిన ముక్క ‘వాలీన్ 6’, ఇంకోదాని మీద గుంట ‘85, 88’. 14 పోగుల తాడు వేయబోయి టైమ్ పోగొట్టుకోకండి. ఒక చిన్న విషయం మాత్రం మర్చిపోవద్దు: ఒక్కో అణువులో రెండు వాలీన్‌లు ఉన్నా, ఇలా పక్క అణువు గుంటలో కూర్చునేది వాటిలో ఒకటే.

నాలుగో మెట్టు: ఎంతసేపు పడుతుంది

చాలా జవాబులు మూడో మెట్టుతో ఆగిపోతాయి. అక్కడే ఆగితే ఒక ఇబ్బంది మిగిలిపోతుంది. పాప ఒంట్లో ప్రతి ఎర్రకణమూ నిమిషానికోసారైనా కేశనాళికల్లోకి వెళ్లి ఆక్సిజన్ వదులుతుంది. అలాంటప్పుడు నొప్పి రోజంతా, ప్రతిరోజూ ఉండాలి కదా? కానీ ఆమెకు నొప్పి జ్వరం వచ్చినప్పుడు వచ్చింది.

దీనికి జవాబు పాలిమరైజేషన్ మొదలయ్యే తీరులో ఉంది. మొదట చేరే కొద్ది అణువుల గుంపు నిలబడదు, చేరినవి చేరినట్టే విడిపోతుంటాయి. ఆ గుంపు ఒక పరిమాణం దాటితేనే అది స్థిరమైన కేంద్రకం అవుతుంది. అక్కడి నుంచి పోగు చకచకా పెరుగుతుంది. పైగా తయారైన పోగు పక్కల మీదే కొత్త కేంద్రకాలు పుడతాయి, కాబట్టి ఒకసారి మొదలైతే ఇక ఆగదు. బయటినుంచి చూసేవాళ్లకు కొంతసేపు ఏమీ జరగనట్టు, తర్వాత ఒక్కసారిగా అంతా గట్టిపడినట్టు కనిపిస్తుంది. ఏమీ జరగనట్టు కనిపించే ఆ కాలాన్ని ఆలస్య కాలం అని రాయండి.

కణం కేశనాళికను దాటడానికి పట్టే సమయం సుమారు ఒక సెకను. ఆలస్య కాలం అంతకంటే ఎక్కువైతే కణం సన్నటి నాళం దాటి వెడల్పాటి సిరలోకి వచ్చేస్తుంది, తర్వాత ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ పట్టుకుని మళ్లీ మామూలవుతుంది. ఆలస్య కాలం తగ్గితే సన్నటి నాళం లోపలే గట్టిపడుతుంది. పాప ఇన్నాళ్లూ ఆడుకోగలిగిందంటే ఎక్కువ కణాలు ఆ పరుగులో గెలిచి బయటపడుతున్నాయని అర్థం.

మరి జ్వరం వచ్చి నీళ్లు తాగనప్పుడు ఏం మారింది? కణంలోంచి నీరు తగ్గి హిమోగ్లోబిన్ గాఢత పెరిగింది. మామూలుగా ఎర్రకణంలో 100 మిల్లీలీటర్లకు సుమారు 33 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటుంది. ఆక్సిజన్ వదిలిన ఎస్ హిమోగ్లోబిన్ శరీర ఉష్ణోగ్రత దగ్గర కరిగి ఉండగలిగేది అందులో దాదాపు సగమే, 16–17 గ్రాములు. అంటే ఎప్పుడూ అంచు మీదే ఉంది. దానికి తోడు ఆలస్య కాలం గాఢతతో మామూలుగా మారదు, గాఢతకు 15 నుంచి 30వ ఘాతంతో విలోమంగా మారుతుంది. ఈ ఒక్క సంఖ్యే జవాబు మొత్తంలో అన్నిటికంటే విలువైనదని నా అభిప్రాయం. లెక్క వేసి చూపించండి, ఘాతం తక్కువగా 15 అనే తీసుకుందాం:

```
గాఢత 5 శాతం పెరిగితే :  (1.05)^15 ≈ 2.1
గాఢత 10 శాతం పెరిగితే:  (1.10)^15 ≈ 4.2
```

గాఢత 5 శాతం పెరిగినా ఆలస్య కాలం సగానికి పడిపోతుంది. 10 శాతం పెరిగితే నాలుగో వంతుకు. నిన్నటిదాకా తప్పించుకుని బయటపడిన కణాలు ఇవాళ నాళం మధ్యలో ఇరుక్కుంటాయి. దానికి తోడు జ్వరంలో రక్తం ఆమ్లత కాస్త పెరిగితే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మరింత సులువుగా వదిలేస్తుంది, టీ స్థితిలో ఉండే అణువులు ఎక్కువవుతాయి. మార్జిన్‌లో ‘జ్వరం–నీళ్లు’ పక్కన టిక్ కొట్టేయండి. నొప్పితో వచ్చిన పిల్లలకు ముందు నీళ్ల లోటు తీర్చేది ఎందుకో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

ఎఫ్ హిమోగ్లోబిన్

పుట్టినప్పుడు బిడ్డ రక్తంలో ఎక్కువగా ఉండేది హిమోగ్లోబిన్ ఎఫ్. అందులో బీటా గొలుసుల బదులు గామా గొలుసులు ఉంటాయి. తొలి నెలల్లో గామా తయారీ తగ్గుతూ బీటా పెరుగుతుంది. మ్యుటేషన్ బీటా జన్యువులో ఉంది కాబట్టి గామా ఉన్నన్నాళ్లు దాని ప్రభావం బయటపడదు. సాధారణంగా ఆరు నెలలు దాటాకే లక్షణాలు మొదలవడం ఇందువల్లే.

ఇంతవరకు రాస్తే అర మార్కు. మిగతా అరకు ఇంకో మాట చెప్పాలి. ఎఫ్ ఊరికే చోటు ఆక్రమించి ఎస్‌ను పలచన చేయడం మాత్రమే కాదు. ఒక గామా, ఒక ఎస్ బీటా కలిసిన మిశ్రమ అణువులు కూడా పోగులో చేరవు. గామా గొలుసు మీద పోగు అమరికకు సరిపడని అమైనో ఆమ్లాలున్నాయి. ముఖ్యంగా 87వ స్థానంలో బీటాకు థ్రియోనిన్ ఉంటే గామాకు గ్లుటమిన్ ఉంది. గుంట అంచులైన 85, 88ల మధ్యలోనే ఈ 87 ఉందని గమనించండి. పెద్దయ్యాక కూడా ఎఫ్‌ను పెంచడానికి హైడ్రాక్సీయూరియా ఇచ్చేది ఈ ఉపయోగం కోసమే.

అయితే పాపకు 17 శాతం ఎఫ్ ఉందిగా, మరి ఎందుకు నొప్పి వచ్చింది? మన దేశంలో కనిపించే సికిల్ జన్యువుతో పాటు ఎఫ్ కాస్త ఎక్కువగా ఉండటం మామూలే, అది జబ్బు తీవ్రతను కొంత తగ్గిస్తుంది కూడా. కానీ 17 శాతం అనేది మొత్తం రక్తానికి సగటు. కొన్ని కణాల్లో 30 శాతం ఉండవచ్చు, మరికొన్నిటిలో దాదాపు ఏమీ ఉండకపోవచ్చు. ఏమీ లేని కణాలను పక్క కణంలోని ఎఫ్ కాపాడలేదు. ‘తొలి నెలలు’, ‘ఎఫ్ 17’ రెండిటికీ టిక్.

తల్లిదండ్రులు

ఇద్దరిలోనూ ఒక కాపీ మామూలుది, ఒక కాపీ సికిల్. పాపకు రెండు వైపుల నుంచీ సికిల్ కాపీయే రావడానికి ఉన్న అవకాశం నాలుగింట ఒకటి. పన్నెట్ చతురస్రం వేయాలనిపిస్తే చిన్నది వేయండి, ఈ ప్రశ్నలో దానికి పెద్ద విలువ లేదు.

విలువ ఉన్నది ఈ లెక్కకు. వాళ్ల కణాల్లో ఎస్ 40, ఎ 60. హిమోగ్లోబిన్ సగాలు విడిపోయి మళ్లీ కలుస్తుంటాయి కాబట్టి కణం లోపల మూడు రకాల అణువులు ఉంటాయి:

```
రెండు గొలుసులూ ఎస్  : 0.4 × 0.4     = 0.16
ఒకటి ఎస్, ఒకటి ఎ    : 2 × 0.4 × 0.6 = 0.48
రెండూ ఎ              : 0.6 × 0.6     = 0.36
```

అచ్చంగా ఎస్ ఉన్నవి 16 శాతమే. సగానికి దగ్గరగా ఉన్న మిశ్రమ అణువుల మీద ఒక వాలీన్ ఉంది, గుంట మీద వాటికి అడ్డంకి లేదు. కాబట్టి అవి గామా మిశ్రమాల్లా పూర్తిగా బయట ఉండిపోవు, కొంతవరకు పోగులో చేరతాయి. కానీ రెండు వైపులా వాలీన్ ఉన్న అణువుకున్నంత అవకాశం వాటికి లేదు. ఎ–ఎ అణువులు ఆ జత కట్టలేవు. మొత్తంగా కేంద్రకం ఏర్పడటం కష్టమై ఆలస్య కాలం సెకన్ల నుంచి ఎంతో దూరం జరిగిపోతుంది, కణం ఎప్పుడో ఊపిరితిత్తులకు చేరిపోతుంది. ఘాతం సంగతి రాశారు కాబట్టి ఇక్కడ ఎక్కువ వివరించనక్కర్లేదు, పరుగులో పాల్గొనే అణువులు తగ్గితే ఏమవుతుందో లెక్కే చెబుతుంది.

ఎస్ 50 శాతం ఎందుకు లేదని వైవాలో అడగవచ్చు. ఆల్ఫా గొలుసుకు ధనావేశం వైపు మొగ్గు, మామూలు బీటా గొలుసుకు రుణావేశం ఎక్కువ. అందువల్ల ఆల్ఫా మామూలు బీటాతో కాస్త ముందుగా జత కడుతుంది. రుణావేశం పోగొట్టుకున్న ఎస్ బీటా ఈ పోటీలో వెనకబడుతుంది. రెండో మెట్టులో పోయిన ఆవేశం అతుక్కోవడానికి కారణం కాకపోయినా ఇక్కడ ఇలా పనికొచ్చింది.

చివరి మెట్టు: కణం

ఇది వేగంగా ముగించండి. లోపల పెరిగిన పోగులు పొరను లోపలినుంచి నెట్టి కణాన్ని కొడవలిలా, గట్టిగా చేస్తాయి. మామూలు కణం సన్నటి నాళంలో వంగి దూరిపోతుంది, ఇది దూరలేదు. రక్తం ఆగినచోట నొప్పి. ఆక్సిజన్ తగిలితే పోగులు కరిగి కణం మళ్లీ గుండ్రమవుతుంది, అందుకే మొదట్లో ఇది తిరిగి మారగల మార్పు. ఇది పదేపదే జరిగి పొర దెబ్బతింటే కొన్ని కణాలు ఆక్సిజన్ ఉన్నా కొడవలి ఆకారంలోనే మిగిలిపోతాయి. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే ఇవి 10–20 రోజుల్లో పోతాయి. ఎముక మజ్జ అంత వేగంగా కొత్తవి చేయలేదు, అదే పాప రక్తహీనత.

ఇక మార్జిన్‌లో ‘తల్లిదండ్రులు’ పక్కన టిక్ కొట్టే ముందు రాసిన వాక్యం ఒకసారి చూసుకోండి. ‘వాహకులకు ఎప్పుడూ ఏ ఇబ్బందీ ఉండదు’ అని ఉంటే మార్చండి. మూత్రపిండం లోపలి భాగంలో, అంటే మెడుల్లాలో, ఆక్సిజన్ తక్కువ, లవణ గాఢత ఎక్కువ. అక్కడ కణంలోంచి నీరు బయటికి పోయి హిమోగ్లోబిన్ గాఢత పెరుగుతుంది. 40 శాతం ఎస్‌కు కూడా ఆ చోట పోగులు కట్టడం సాధ్యమే. అందుకే కొందరు వాహకులకు మూత్రంలో రక్తం కనిపిస్తుంది, మూత్రాన్ని చిక్కబరిచే శక్తి కూడా తగ్గుతుంది. ‘సాధారణంగా లక్షణాలు ఉండవు, మూత్రపిండం లోపలి భాగం లాంటి చోట్ల మినహా’ అని రాయండి.